ఆసుపత్రి రికార్డులు ఎలా అడగాలి?

ప్రశ్న: ఏడాది కిందట ఆసుపత్రిలో చేరి యాంజియోగ్రామ్ చేయించుకున్నాను. ఇప్పుడు మరో డాక్టరుకు చూపిద్దామంటే డిశ్చార్జ్ సమ్మరీ తప్ప ఏమీ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి గడువు ఇంకా ఉంది.

నోటిమాటగా కాకుండా మెడికల్ సూపరింటెండెంట్ పేరిట అర్జీ ఇవ్వాలి. పేరు, ఐపీ నంబరు, చేరిన, డిశ్చార్జ్ అయిన తేదీలు రాసి, ‘సెకండ్ ఒపీనియన్ కోసం’ అని కారణం చెప్పాలి.

అసలు కిటుకు ఏది, ఏ రూపంలో కావాలో రాయడంలో ఉంది. యాంజియోగ్రామ్ అంటే కదిలే బొమ్మ. రక్తం ఎక్కడ నెమ్మదించిందో కాగితం మీది రిపోర్టులో కనబడదు. అందుకే ‘యాంజియోగ్రామ్ డైకామ్ ఫైళ్లు సీడీలో, కేస్‌షీట్, ల్యాబ్ రిపోర్టుల జిరాక్సులు’ అని విడివిడిగా అడగాలి. ‘రికార్డులన్నీ’ అంటే మళ్లీ సమ్మరీయే చేతికి రావచ్చు.

అర్జీ రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. 72 గంటల లెక్కకు అదే ఆధారం. సీడీ చేతికి రాగానే అక్కడే కంప్యూటర్లో తెరిచి, మీ పేరు, తేదీ సరిచూసుకోండి.