గున్ని ఎలుగు సొంత పక్క

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. రెండు నెలల కింద పాప పుట్టింది. అప్పటి నుంచి బాబుకు అదే గదిలో ఒక మూలకు చిన్న మంచం వేశాం. నేను పక్కన పడుకుంటేనే నిద్రపోతాడు. నేను లేచి వచ్చిన రెండు గంటలకు వాడూ లేచి వచ్చి నాకూ పాపకూ మధ్య దూరుతాడు. మా అత్తమ్మ ‘కదిలినవంటే గుడ్డెలుగొస్తది’ అని బెదిరిస్తుంది. అప్పుడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. వాడికి చెప్పడానికి ఏదైనా కథ ఉందా?
– ఒక తల్లి, కొత్తకోట

జవాబు: నాలుగేళ్ల పిల్లవాడు తల్లి పక్కన పడుకోవడం మన ఇళ్లలో తప్పేమీ కాదు. కానీ రెండు నెలల పసిపాప పక్కలో నిద్రమత్తులో పొర్లే పిల్లవాడు ఉండటం పాపకు ప్రమాదం. కాబట్టి మీరు వేరే మంచం వేయడం సరైన పనే. పాపను కూడా మీ పక్కనే, విడిగా, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

ఇక కథ. మీ అత్తమ్మ గారు బెదిరించడానికి తెచ్చిన ఎలుగునే మనం వాడుకుందాం. మీ జిల్లాకు దగ్గరలోని నల్లమలలో ఉండే ఎలుగు పిల్లలు పుట్టిన కొన్ని నెలల దాకా తల్లి వీపు మీదే సవారీ చేస్తాయి. ఈ జంతువు చెదల పుట్టను తవ్వి, ముందు ‘ఉఫ్’మని ఊది మట్టి దులిపి, తర్వాత చెదలను పీల్చుకుని తింటుంది. దాని ముక్కు చాలా చురుకు. కథకు కావలసినవన్నీ ఈ మూడింటిలోనే ఉన్నాయి. ఇలా చెప్పండి:

నల్లమల అడవిలో పెద్ద బండ కింద ఒక గుహ. గుహలో అమ్మ ఎలుగు, గున్ని ఎలుగు. గున్ని చిన్నప్పుడు ఎప్పుడూ అమ్మ వీపు మీదే ఉండేవాడు. అమ్మ నడిస్తే వాడూ ఊగేవాడు, అమ్మ పడుకుంటే వాడూ పడుకునేవాడు. తినీ తినీ గున్ని పెద్దగయ్యాడు. ఒక రాత్రి అమ్మ తునికాకులు తెచ్చి గుహలో ఒక మూలకు మెత్తగా పరిచింది. ‘గున్నీ, ఇది నీ పక్క. అది నా పక్క. నేను అక్కడే ఉంటా’ అంది. గున్ని తల నాకి, తన పక్కలోకి పోయి పడుకుంది. గున్ని ఇటు పొర్లాడు, ఆకులు గరగర. అటు పొర్లాడు, గరగర. పొర్లీ పొర్లీ నిద్రపోయాడు.

నడిరాత్రి గున్నికి మెలకువ వచ్చింది. అంతా చీకటి. ‘అమ్మ ఏది?’ లేచి గునగునా పోయి అమ్మ మీదికి ఎక్కాడు. అమ్మ ఏమీ అనలేదు. లేచి వాడిని తీసుకెళ్లి వాడి పక్కలో పడుకోబెట్టింది. ‘ఇది నీ పక్క’ అంది. మళ్లీ మెలకువ వచ్చింది. గునగునా పోయాడు. అమ్మ మళ్లీ తీసుకొచ్చింది. ‘ఇది నీ పక్క.’

మూడోసారి మెలకువ వచ్చింది. గున్ని కాలు ఎత్తాడు. ఆకు దుమ్ము ముక్కుకు తగిలింది. ‘ఉఫ్ఫ్ఫ్’ అని మెల్లగా ఊదాడు. తర్వాత ముక్కుతో గాలి పీల్చాడు. ఏం వాసన? ఇప్పపువ్వు వాసన, తేనె వాసన, అమ్మ వాసన! ‘అమ్మ అక్కడే ఉంది’ అనుకున్నాడు. కాలు దించాడు. ఇంకోసారి ‘ఉఫ్ఫ్ఫ్’. ఇంకోసారి. నిద్రపోయాడు.

తెల్లారింది. ‘నా మీద ఎవరూ లేరే, గున్ని ఏడీ?’ అంది అమ్మ. ‘నా పక్కలో ఉన్నా!’ అన్నాడు గున్ని. అమ్మ వంగింది. గున్ని వీపెక్కాడు. ఇద్దరూ పుట్టల వేటకు పోయారు.

కథ ఇంతే. అమ్మ పక్కన లేకుండానే గున్ని నిద్రపోయాడు చూడండి, కథకు ప్రాణం అక్కడే ఉంది. పిల్లలు రాత్రిపూట చాలాసార్లు కాసేపు తేలికగా మెలకువలోకి వస్తారు. నిద్రపోయేటప్పుడు ఏది ఉందో, మెలకువ రాగానే దాన్నే వెతుకుతారు. మీరు పక్కన ఉండగా నిద్రపోయిన బాబు రెండు గంటలకు మిమ్మల్ని వెతుక్కుంటూ రావడంలో వింత లేదు. అందుకే వాడు కళ్లు మూయకముందే మీరు లేవాలి. కథ అయ్యాక ఒక ముద్దు, ‘నేను అక్కడే ఉంటా’ అనే మాట, అంతే. మొదటి రెండు మూడు రోజులు మంచం పక్కన పీట వేసుకుని కూర్చోండి, తర్వాత రోజుకు కొంచెం దూరం జరపండి. వాడి మంచం మీద మీ పాత చీరతో కుట్టిన బొంత పరిస్తే, గున్ని ముక్కు పని వాడి ముక్కూ చేస్తుంది. పగలు ఆటగా ‘ఉఫ్’ నేర్పించండి. అది నెమ్మదిగా ఊపిరి వదలడమే.

రాత్రి లేచి వస్తే గున్ని అమ్మలాగే చేయాలి. దీపం వేయొద్దు, తిట్టొద్దు, బుజ్జగించొద్దు. చేయి పట్టుకుని తీసుకెళ్లి ‘ఇది నీ పక్క’ అనండి. మొదటి వారంలో ఒకటి రెండు రాత్రులు ముందుకన్నా ఎక్కువసార్లు రావచ్చు. చాలామంది అమ్మలు అక్కడే ఓడిపోతారు. తొమ్మిదోసారి ‘సరే రా’ అంటే, తొమ్మిదిసార్లు వస్తే దొరుకుతుందని వాడికి నేర్పినట్టే. అలసిపోయిన రాత్రి ఆ పని వాళ్ల నాన్నకు ఒప్పగించండి.

పిల్లవాడు మరీ మొండికేస్తే 1999లో అమెరికాలో ప్యాట్రిక్ ఫ్రిమన్ బృందం ప్రచురించిన చిట్కా ఒకటి ఉంది. పడుకునే ముందు వాడి చేతికి ఒక అట్టముక్క ఇవ్వండి. రాత్రి ఒక్కసారి అది మీకిచ్చి నీళ్లో, ముద్దో అడగవచ్చు. తర్వాత మళ్లీ ఇవ్వరు. కావాలంటే, వాడకుండా దాచుకున్నందుకు పొద్దున చిన్న బహుమతి కూడా ఇవ్వవచ్చు. దాచుకోవడమే కొందరు పిల్లలకు ఇష్టమవుతుంది.

పొద్దున వీపు సవారీని మాత్రం మానొద్దు. చెల్లి పుట్టాక మీ ఒడి చేజారిందన్నది వాడి అసలు బాధ. రాత్రి తీసుకున్నదాన్ని పొద్దున తిరిగి ఇవ్వాలి. పాపను అత్తమ్మకు ఇచ్చి పది నిమిషాలు వాడితోనే ఉండండి. ఎలుగుకు మీ బాబు పేరు పెట్టొద్దు. ‘చూశావా, గున్ని ఎంత బుద్ధిమంతుడో’ అనీ అనొద్దు. పిల్లవాడు ఎలుగును చూసి తనంతట తాను పోల్చుకోవాలి. మనం వేలెత్తి చూపిస్తే కథ కూడా బెదిరింపే అవుతుంది. రోజూ అదే కథ, అవే మాటలు. పదం మారితే వాడే సరిచేస్తాడు. ఇక అత్తమ్మ గారికి గుహలోని అమ్మ ఎలుగు గొంతు ఇప్పించండి. బెదిరింపు దానంతటదే ఆగుతుంది.

ప్రశ్న: మా నాలుగేళ్ల మనవడు పడుకున్న గంటన్నరకు కేకలు వేస్తూ లేచి కూర్చుంటాడు. ఎత్తుకున్నా మమ్మల్ని గుర్తుపట్టడు. పొద్దున ఏమీ గుర్తుండదు. వాడికీ కథ చెబితే పోతుందా?
– ఒక తాతయ్య, దేవరకొండ

జవాబు: పోదండీ. మీరు చెప్పిన లక్షణాలన్నీ గాఢనిద్రలో వచ్చే భయానివి. అప్పుడు వాడు పూర్తిగా మేలుకోలేదు, మీ మాట వాడి చెవికెక్కదు. కుదిపి లేపొద్దు. మంచం మీంచి పడకుండా పక్కన ఉండండి, కొన్ని నిమిషాల్లో అదే సద్దుమణుగుతుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. నిద్ర తక్కువైనప్పుడు ఈ కేకలు పెరుగుతాయి, కాబట్టి అరగంట ముందే పడుకోబెట్టి చూడండి. నోరు తెరిచి గురక పెట్టినా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా, ఒళ్లు కొట్టుకున్నా, వారంలో చాలా రాత్రులు ఇలాగే జరిగినా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆ సమయంలో ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.