మొత్తాల వరుసలు తీసేసే ముందు: ధాన్యం షీటును రికార్డులుగా మార్చే పద్ధతి

సార్వా కోతలయ్యాక ధాన్యం కొనుగోలు లెక్కలు చూసేవారికి వచ్చే ఎక్సెల్ షీటు ఇంచుమించు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది. పైన షీటు వెడల్పంతా మెర్జ్ చేసిన శీర్షిక, దాని కింద తేదీ, ఒక ఖాళీ వరుస, ఆపైన రెండంతస్తుల హెడ్డింగు. ఎడమ పక్క మండలం పేరు నాలుగైదు గ్రామాలకు కలిపి ఒకే పొడవాటి గడిలో ఉంటుంది. మండలం అయిపోగానే మొత్తం, చిట్టచివర గ్రాండ్ మొత్తం. సమీక్షా సమావేశానికి ప్రింటు తీసి ఇవ్వడానికి ఇంతకన్నా చక్కని షీటు లేదు. ఏ గ్రామం ఎన్ని క్వింటాళ్లు ఇచ్చిందో పివట్ వేసి చూద్దామంటే మాత్రం చిక్కు మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక చిన్న షీటు తీసుకుందాం. ఊళ్లు నిజమైనవే, అంకెలు మాత్రం లెక్క చూపడానికి వేసుకున్నవి. కడియం మండలంలో దుళ్ల 400 బస్తాలు, మురమండ 240, జేగురుపాడు 160. నిడదవోలు మండలంలో తాడిమళ్ల 520, విజ్జేశ్వరం 200. మన గోదావరి జిల్లాల వైపు బస్తా అంటే 75 కిలోలు కాబట్టి కడియం 600 క్వింటాళ్లు, నిడదవోలు 540, అంతా కలిపి 1140. హెడ్డింగును ఒక్క వరుసగా చేసి, మిగతా షీటును ఉన్నదున్నట్టు పివట్‌కు ఇస్తే మొత్తం క్వింటాళ్లు 3420 అని చూపిస్తుంది. గ్రామాలు ఒకసారి, మండలాల మొత్తాలు ఒకసారి, గ్రాండ్ మొత్తం ఒకసారి లెక్కలోకి వచ్చాయి. 2024-25లో కామన్ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన 26,22,000 రూపాయలు కావాల్సింది 78,66,000 అవుతుంది. జవాబు సరిగ్గా మూడు రెట్లుంటే మొత్తాల వరుసలన్నీ అలాగే ఉన్నాయని అర్థం. రెండు రెట్లుంటే మండలాల మొత్తాలో గ్రాండ్ మొత్తమో ఏదో ఒకటి మిగిలిపోయిందన్నమాట.

చాలామంది చేసే మొదటి పని ఖాళీ వరుసలు, మొత్తాల వరుసలు వెతికి చెరిపేయడం. నా సలహా దానికి వ్యతిరేకం. ఆ మొత్తాలు మీ పనికి సాక్షులు. చివరిదాకా ఉంచి, లెక్క సరిచూసుకున్నాకే పంపించాలి.

ముందు షీటంతా కాపీ చేసి, కొత్త షీటులో A1 దగ్గర Paste Special → Values తో అతికించండి. అసలు షీటును ఇక ముట్టుకోవద్దు. ఇలా అతికిస్తే మెర్జ్‌లు వాటంతటవే పోతాయి. మెర్జ్ గడి చూడటానికి పెద్దదైనా విలువ ఉండేది పైన ఎడమ మూల గడిలోనే. అందుకే ఇప్పుడు "కడియం" దుళ్ల పక్కన మాత్రమే ఉంటుంది, మురమండ, జేగురుపాడు పక్కన ఖాళీ. ఈ స్థితిలో సార్ట్ చేస్తే ఏ ఊరు ఏ మండలానిదో ఇక తేల్చలేరు.

మండలం A కాలమ్‌లో, గ్రామం B లో, కామన్ రకం బస్తాలు C లో, క్వింటాళ్లు D లో, గ్రేడ్-ఎ రకానివి E, F లలో ఉన్నాయనుకుందాం. వివరాలు 6వ వరుస నుంచి మొదలు. G6 లో ఇది రాసి కిందికి లాగండి:

```
=IF(OR(A6="",A6="-do-",A6="మండలం"),G5,A6)
```

A ఖాళీగా ఉంటే పై వరుసలోని మండలాన్నే తెచ్చుకుంటుంది. "-do-" అని రాసే అలవాటు ఇంకా పోలేదు కనుక దాన్నీ చేర్చాను. "మండలం" అన్న మాట ఎందుకంటే, ప్రతి పేజీ పైనా హెడ్డింగు కనబడాలని కొందరు దాన్ని షీటు మధ్యలో మళ్లీ మళ్లీ అతికిస్తారు. పట్టించుకోకుండా వదిలేస్తే పేజీ మారిన చోట మిగిలిన గ్రామాలన్నీ "మండలం" అనే మండలంలో చేరిపోతాయి.

తర్వాత H6 లో ఆ వరుస ఏ రకమో గుర్తు పెట్టండి:

```
=IF(ISNUMBER(FIND("మొత్త",A6&B6)),"T",IF(OR(B6="",B6="గ్రామం"),"X","R"))
```

R అంటే రికార్డు, T అంటే మొత్తం, X అంటే ఖాళీ వరుస లేదా మళ్లీ వచ్చిన హెడ్డింగు. "మొత్తం" అని పూర్తిగా వెతకకుండా "మొత్త" దగ్గర ఆగింది కావాలనే. ఒకరు "మొత్తం" అని, మరొకరు "మొత్తము" అని టైపు చేస్తారు. "టోటల్" అని రాసే ఆఫీసైతే ఆ మాటా చేర్చుకోవాలి. పాత ఫైళ్లు అనూ ఫాంట్లలో ఉంటే ఈ వెతుకులాట పనిచేయదు, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇప్పుడు G, H కాలమ్‌లను కాపీ చేసి అక్కడే Values గా అతికించండి. ఈ పని మరిచిపోకూడదు. G లోని ప్రతి గడీ తన పై గడి మీద ఆధారపడి ఉంది. మధ్యలో వరుస తీసేస్తే #REF! వస్తుంది. సార్ట్ చేస్తే ఇంకా ప్రమాదం, తప్పు మండలం వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

ఇక సరిచూడటం. D, G, H కాలమ్‌లు కాని చోట ఏదైనా ఖాళీ గడిలో ఇది వేసి, షీటులోని కడియం మొత్తంతో పోల్చండి:

```
=SUMIFS(D:D,H:H,"R",G:G,"కడియం")
```

600 రావాలి. తేడా వస్తే ప్రతిసారీ తప్పు మీదే అనుకోవద్దు. చివరి నిమిషంలో మొత్తానికి సరిగ్గా పైన ఒక గ్రామాన్ని చేర్చి, SUM పరిధి పెంచడం మరిచిపోయిన షీట్లు ఎన్నో. అలాంటప్పుడు పంపిన వారిని అడగాలి గానీ మీరు దిద్దకూడదు.

రెండూ కలిసినా ఇంకో మెలిక ఉంది. విజ్జేశ్వరం దగ్గర 150 అన్నది అంకెగా కాక టెక్స్ట్‌గా పడిందనుకోండి. అసలు షీటులోని SUM దాన్ని లెక్కపెట్టలేదు, మీ SUMIFS కూడా లెక్కపెట్టదు. రెండూ 390 అంటాయి, రెండూ తప్పే. దీన్ని పట్టిచ్చేది బస్తా. R వరుసల బస్తాలన్నీ కలిపితే 1520, దాన్ని 0.75 తో గుణిస్తే 1140, క్వింటాళ్ల కాలమ్ మాత్రం 990 అంటుంది. పోయిన 150 ఏ ఊరి అంకెతో సరిపోతుందో చూస్తే గడి దొరుకుతుంది. ఒక్కో వరుసలో విడిగా D6-C6*0.75 అని వేసి చూస్తే ఇది దొరకదు, ఎందుకంటే తీసివేతలో ఎక్సెల్ ఆ టెక్స్ట్‌ను తనే అంకెగా మార్చుకుని తేడా సున్నా అంటుంది. మొత్తాలనే పోల్చాలి. కాలమ్‌ను ఎంచుకుని Data → Text to Columns → Finish నొక్కితే అలాంటివి సాధారణంగా నిజమైన అంకెలుగా మారతాయి. "150 క్వి" అని యూనిట్ కలిపి రాసి ఉంటే ముందు ఆ అక్షరాలు తీసేయాలి.

లెక్క కుదిరాక H లో R ఉన్నవి మాత్రం ఫిల్టర్ చేసి కొత్త షీటుకు తీసుకెళ్లండి. అక్కడ హెడ్డింగు ఒక్క వరుసే: మండలం, గ్రామం, రకం, బస్తాలు, క్వింటాళ్లు. మండలం పేరు A లోంచి కాక G లోంచి తీసుకోవాలి. C, D అంకెలను "కామన్" అని రకం రాసి పైన పెట్టండి. E, F అంకెలను అవే గ్రామాల పేర్లతో "గ్రేడ్-ఎ" అని దాని కింద అతికించండి. గ్రేడ్-ఎ అమ్మని ఊరి వరుస తీసేయొచ్చు, కానీ ఖాళీ అంటే సున్నానా లేక వివరం ఇంకా రాలేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

జిల్లా పేరును మాత్రం మండలం పేరులా కిందికి నింపకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు నిడదవోలు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చింది, పాత షీట్లలో అది ఇంకా పశ్చిమంలోనే ఉంటుంది. మండలం, జిల్లా అని రెండు కాలమ్‌ల పట్టిక వేరే షీటులో పెట్టుకుని VLOOKUP తో తెచ్చుకుంటే, మార్పు వచ్చినప్పుడు ఒక్క చోట దిద్దితే చాలు. గ్రామం పేరుతో మాత్రం వెతకొద్దు. గోపాలపురం అంటే కొవ్వూరు వైపు ఒక మండల కేంద్రం, రావులపాలెం దగ్గర మరో ఊరు. మండలం, గ్రామం కలిపి చూస్తేనే అది ఏ గోపాలపురమో తేలుతుంది.