దాయాదుల తగవు: కోర్టుకా, మధ్యవర్తి దగ్గరికా?

పత్రికల్లో ‘దాయాది దేశం’ అన్న మాట మనం చదువుతూనే ఉంటాం. దాయం అంటే వారసత్వంగా వచ్చే ఆస్తి. అందులో వాటా ఉన్నవారు దాయాదులు. వాటాదారు అనే మాటకు పగవాడనే ఛాయ ఎలా వచ్చిందో ఒక ఊహా కుటుంబంతో చూద్దాం.

తెనాలిలో 200 గజాల ఇల్లు, విలువ 80 లక్షలు. సొంత సంపాదనతో కట్టిన తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. పెద్దకొడుకు తల్లితో ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. చెల్లెలు హైదరాబాదులో, తమ్ముడు మన నాన్నల్లాగే బదిలీల ఉద్యోగంలో గువాహటిలో ఉన్నారు. “చెల్లికి కట్నం ఇచ్చాం, ఇంకా వాటా ఏమిటి?” అన్నాడు పెద్దవాడు. అంతటితో రాకపోకలు ఆగిపోయాయి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికీ ముగ్గురు పిల్లలకూ సమాన వాటాలు, తలా 20 లక్షలు. కట్నం పేరు చెప్పి కూతురి వాటా తీసేయడానికి వీల్లేదు.

చెల్లెలు, తమ్ముడు విభజన దావా వేశారనుకుందాం. ఇల్లు ఉమ్మడి స్వాధీనంలో ఉందా, వాళ్లను బయటికి నెట్టేశారా అన్నదాన్ని బట్టి కోర్టు రుసుము మారుతుంది. నెట్టేసి ఉంటే వాటా విలువ మీద కట్టాలి. వాయిదాలకు వకీలు వెళ్తాడు కానీ సాక్ష్యం చెప్పడానికి తమ్ముడే సెలవు పెట్టి రావాలి. కొన్నేళ్లకు ప్రాథమిక డిక్రీ వస్తుంది. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు. అది ఎవరి వాటా ఎంతో మాత్రమే చెబుతుంది. తుది డిక్రీ కోసం కమిషనరు వచ్చి కొలవాలి. ఒకే మెట్లున్న ఇంటిని 50 గజాల ముక్కలు చేసేదెలా? అప్పుడు 1893 నాటి విభజన చట్టం కింద ఇల్లు అమ్మకానికి పోవచ్చు. గెలిచినవాళ్లకు డబ్బు ఆలస్యంగా వస్తుంది, తల్లికి నీడ పోతుంది.

మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి అసలు ఎవరికేం కావాలో రాబడతాడు. పెద్దవాడికి కావలసింది ఇల్లు, కానీ 40 లక్షలు ఒకేసారి తేలేడు. చెల్లెలికి డబ్బుకంటే ముందు ‘నీకూ హక్కుంది’ అన్న మాట కావాలి. అందుకే ఒప్పందం ఇలా కుదరవచ్చు: ఇల్లు పెద్దవాడిది, తల్లి బతికినంతకాలం అక్కడే ఉంటుంది, ఆమె వాటా ఆమెదే, మిగతా ఇద్దరికీ మూడేళ్లలో వాయిదాలుగా చెల్లింపు. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం ఇందుకు 120 రోజులు, అందరూ ఒప్పుకుంటే మరో 60 రోజులు గడువు రాసింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సహాయం దొరుకుతుంది. నడుస్తున్న దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. కాబట్టి సంతకానికి ముందే ప్రతి పంక్తీ చదువుకోవాలి.

పెద్దమనుషుల ఎదుట తెల్లకాగితం మీద పంచుకుని రిజిస్టరు చేయించకపోతే, తర్వాత అది కోర్టులో నిలవకపోవచ్చు. పెద్దవాడు ఇల్లు రహస్యంగా అమ్మబోతున్నా, దొంగ వీలునామా చూపిస్తున్నా రాజీ కోసం కూర్చోకూడదు. ముందు కోర్టుకెళ్లి అమ్మకాన్ని ఆపే ఉత్తర్వు తెచ్చుకోవాలి. మధ్యవర్తి దగ్గరికి ఆ తర్వాతైనా వెళ్లవచ్చు.