గృహప్రవేశ వ్యయం: ముందుగా వ్రాయవలసిన పద్దు

గృహప్రవేశానికి ముహూర్తం నిశ్చయమైన మరునాడే గృహస్థులు ఖర్చుల పట్టీ వ్రాయడం మొదలుపెడతారు. అందులో మొదటి పద్దు సాధారణంగా భోజనాలు. రెండవది అలంకారం. మూడవది వచ్చినవారికి ఇచ్చే కానుక. ఈ మూడూ కూడిన తరువాత మిగిలిన దానిలో పురోహితుల సంభావనను, పూజాద్రవ్యాలను సర్దుతారు. ఏ కార్యం నిమిత్తం బంధుమిత్రులను పిలుస్తున్నామో ఆ కార్యమే పట్టీలో చివరకు చేరుతుంది. ఇది ధర్మం దృష్ట్యానే కాదు, లెక్క దృష్ట్యా కూడా తిరగబడిన వరుస. ఎందుకంటే భోజనాల పద్దును మన శక్తికి తగినట్లు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. క్రతువుకు అయ్యే వ్యయం పదిమంది వచ్చినా రెండువందలమంది వచ్చినా ఒకటే.

తెనాలి వంటి పట్టణంలో రెండు పడకగదుల ఇల్లు కట్టుకొన్న ఒక ఉద్యోగి కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొందాం. శుభకార్యం కోసం వారు దాచుకొన్నది 1,50,000 రూపాయలు. బ్యాంకు ఋణంలో చివరి విడత ఇంకా రావలసి ఉన్నది గాని, అది వంటగది అలమరలకు, ప్రహరీగోడకు ఉద్దేశించినది. ధరలు ఊరిని బట్టి, ఋతువును బట్టి మారుతాయి కనుక ఇక్కడ ఇచ్చిన అంకెలకంటే వాటిని వేసిన వరుసను గమనించవలసిందిగా పాఠకులకు మనవి.

ఈ దంపతులు అందరిలాగే భోజనాలతో ప్రారంభించారు. 250 విస్తళ్ళు, విస్తరికి 320 రూపాయల చొప్పున 80,000 అయింది. మనిషికొక కానుక, సంచితో సహా 115 రూపాయల వంతున 28,750. ఇంటి ముందుభాగమంతా పూలతో కప్పడానికి 25,000. మొత్తం 1,33,750. పురోహితుల పేరు ఇంకా కాగితం ఎక్కనే లేదు. బ్యాంకు విడతలోంచి కొంత వాడుకొందామన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఇంటిపెద్ద ఒకరు ఆ కాగితం పక్కన పెట్టించి, వరుస మార్చి మళ్ళీ వ్రాయించారు.

రెండవ పట్టీలో మొదటి పద్దు క్రతువు. సూర్యోదయానికి ముందు ముహూర్తమైతే గోపూజ, ద్వారపూజ, కలశంతో దీపంతో దంపతుల ప్రవేశం, పాలు పొంగించడం ఆ వేళకే జరుగుతాయి. తరువాత గణపతిపూజ, పుణ్యాహవచనం, వాస్తుపూజ, నవగ్రహారాధన, హోమం, ఆపైన సత్యనారాయణస్వామి వ్రతం. ఇవన్నీ ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది. కొన్ని ఇళ్ళలో వాస్తుహోమం ముందురోజు సాయంకాలమే చేస్తారు. అప్పుడు పురోహితులు రెండు పర్యాయాలు రావలసి ఉంటుంది. కనుక సంభావన ఎంత అని అడగడానికి ముందు ఏయే క్రియలు జరుగుతాయో, ఎందరు వస్తారో తెలుసుకోవాలి. సహాయకుల సంభావన అందులోనే కలిసి ఉన్నదా, ప్రయాణ ఖర్చు వేరా, సామగ్రి ఎవరు తేవాలి అన్నవి వినయంగా ముందే అడగడంలో అమర్యాద ఏమీ లేదు. పీటలమీద కూర్చున్న తరువాత అడగడమే ఇబ్బంది. మన కుటుంబం ప్రధాన పురోహితులకు 15,000, సహాయకునికి 5,000 వ్రాసుకొన్నది. ఇద్దరికీ పంచెల చాపులు 2,500, గోవును దూడతో సహా తోలుకువచ్చి తీసుకువెళ్ళినందుకు 2,000.

సామగ్రికి 6,500 కేటాయించారు. ఇక్కడ ఒక జాగ్రత్త. దుకాణంవారు కట్టి ఇచ్చే సెట్టులో పసుపు, కుంకుమ, బియ్యం, వత్తులు వంటి మన ఇంట ఉన్నవే సగం ఉంటాయి. పురోహితులు ఇచ్చిన జాబితాలో ఇంట ఉన్నవాటిని కొట్టివేసి మిగిలినవే కొనాలి. నెయ్యి విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. పూజకు మాత్రమే అని డబ్బామీద అచ్చువేసి తక్కువ ధరకు అమ్మే నెయ్యి తినడానికి ఉద్దేశించినది కాదు. అది హోమం పక్కన పెట్టిన తొందరలో ప్రసాదంలోకి చేరే ప్రమాదం ఉన్నది. రెంటికీ ఒకే మంచి నెయ్యి తెచ్చుకొంటే ఆ చిక్కు ఉండదు. వ్రతప్రసాదానికి రవ్వను సపాదంగా, అనగా ఒకటింబావు కొలతగా తీసుకోవడం ఆచారం. ఒకటింబావు కిలోల రవ్వతో చేసిన ప్రసాదం చిన్న దొన్నెలలో సుమారు వందమందికి సరిపోతుంది. అంతకు మించితే కొలతను రెట్టింపు చేయించుకోవాలి. రూపాయి నాణేలు వంద, పదిరూపాయల నోట్లు యాభై ముందే తెచ్చుకొంటే అడుగడుగునా దక్షిణకు చిల్లర వెదకనక్కరలేదు. ఆ విధంగా క్రతువు పద్దు 31,000 దగ్గర ఆగింది.

రెండవ పద్దు మర్యాదలు. పేరుపెట్టి ఎవరెవరికి బట్టలు పెట్టాలో వారిదే ఈ పట్టీ. ఆడపడుచులు ఇద్దరికి 8,000, ఇరువైపుల తల్లిదండ్రులకు 8,000, దంపతుల, పిల్లల కొత్తబట్టలకు 10,000. మిగిలినది ఇల్లు కట్టినవారికి. తాపీమేస్త్రి, వడ్రంగి, విద్యుత్తు పని చేసినవారు, రంగులు వేసినవారు మొదలైన ఆరుగురికి 1,500 వంతున 9,000. ఈ ఆరుగురి పేర్లు చాలా పట్టీలలో కనబడవు. ఆనాటి ఉదయం మేస్త్రి వచ్చి నిలబడినప్పుడు గుర్తుకు వస్తుంది. అప్పుడు వంటవారికి కట్టి ఉంచిన కవరు విప్పుతారు. మొత్తం 35,000 పెద్ద అంకెగా కనిపించవచ్చు. కాని ఇది వ్రాయకపోయినా ఖర్చయ్యే సొమ్మే.

మూడవది అనుకోని ఖర్చు. దీనికి 11,200 విడిగా తీసి ఉంచారు. కరెంటు పోతే జనరేటరు, వానపడితే అదనపు పందిరి, ఊరినుండి వచ్చిన పెద్దలను తీసుకురావడానికి కారు. ఈ మూడు పద్దులూ పోగా చేతిలో మిగిలినది 72,800. ఎంతమందిని పిలవగలం, ఏమి పెట్టగలం, ఎంత అలంకరించగలం అన్నది ఈ అంకె చెప్పాలి.

ఆహ్వాన పత్రికల సంఖ్యను నాలుగుతో గుణించి విస్తళ్ళు లెక్కవేయడం పరిపాటి. అది సరికాదు. ఊరినుండి వచ్చే బంధువులు కుటుంబంతో వస్తారు. ఇరుగుపొరుగు దంపతులుగా వస్తారు. కార్యాలయం మిత్రులు చాలావరకు ఒంటరిగా వస్తారు. ఈ కుటుంబం పేరు పేరునా వ్రాసి చూడగా పొరుగూరి బంధువులు 14 ఇళ్ళవారు 56 మంది, స్థానిక బంధువులు 16 ఇళ్ళవారు 48 మంది, ఇరుగుపొరుగు 20 ఇళ్ళవారు 40 మంది, సహోద్యోగులు 26 మంది, వెరసి 170. తొలి అంచనాలోని 250 ఏ పేర్లమీదా ఆధారపడినది కాదు.

వంట కాంట్రాక్టు తీసుకొనేవారు విస్తరికి ఇంత అని ధర చెప్పి, కనీసం ఇన్ని విస్తళ్ళకు సొమ్ము ఇవ్వాలని అడుగుతారు. ఆ కనీస సంఖ్యలోనే డబ్బు వృథా అవుతుంది. పిలిచినవారందరూ రారు. కనుక 150కి ఒప్పుకొని, మరో 20 విస్తళ్ళు అదే ధరకు వడ్డించాలని కాగితంమీద వ్రాయించుకొన్నారు. పప్పు, గుత్తివంకాయ, ముక్కల పులుసు, గోంగూర పచ్చడి, పులిహోర, బూరెలు, అప్పడం, పెరుగుతో విస్తరికి 220 కుదిరింది. మొదట అడిగిన 320కీ దీనికీ తేడా రెండవ తీపిపదార్థం, ఐస్‌క్రీము, వేడివేడిగా వేసి ఇచ్చే రకాలు. వ్రతం ముగిసి ఆకలిమీద కూర్చున్నవారు మంచి పప్పునూ వేడి అన్నాన్నీ తలచుకొంటారు గాని పదిహేడవ రకాన్ని కాదు. అరటాకులు, మంచినీరు, వడ్డించేవారి కూలి ఆ ధరలో కలిసి ఉన్నాయో లేదో కూడా వ్రాయించుకోవాలి. ఎన్ని విస్తళ్ళు లేచాయో లెక్కపెట్టడానికి మన తరఫున ఒక మనిషిని వేయాలి. ప్రతి బంతికీ ముందు ఆకులు లెక్కించి వ్రాసుకొంటే సాయంకాలం వాదన ఉండదు.

మధ్యాహ్నం భోజనంతో ఈ పద్దు పూర్తికాదు. తెల్లవారుజామున వచ్చేవారికి ఫలహారం కావాలి. ముందురాత్రే దిగిన బంధువులకు భోజనం కావాలి. ఈ రెండవది దాదాపు అందరూ మరచిపోతారు. మధ్యాహ్నం 170 విస్తళ్ళకు 37,400, ఉదయం 70 మందికి ఫలహారం 80 వంతున 5,600, ముందురాత్రి 30 మందికి 120 వంతున 3,600. మొత్తం 46,600.

షామియానా, బల్లలు, కుర్చీలకు 9,000. భోజనాలు మూడు బంతులుగా సాగుతాయి కనుక 170 కుర్చీలు అక్కరలేదు, 80 చాలు. అలంకారానికి 8,000 వ్రాశారు. సింహద్వారానికి మామిడాకుల తోరణం, బంతిపూల దండలు, వ్రతమండపానికి అరటిపిలకలు, పూజగదికి పూలు. మాఘ ఫాల్గుణాలలో, వైశాఖంలో ముహూర్తాలు దట్టంగా ఉన్న రోజున పూలధర ఒక్కసారిగా పెరుగుతుంది. అలంకరించేవారితో మొత్తం సొమ్ము మాత్రమే మాట్లాడుకొంటే పెరిగిన ధరకు తగ్గట్టు దండలు పలచబడతాయి. ఏ ద్వారానికి ఎన్ని మూరల దండ, ఏ పూలతో అన్నది ముందే చెప్పించుకోవాలి. ఇంటి ముందుభాగమంతా పూలతో కప్పడం చూడముచ్చటే గాని, ప్రవేశ ముహూర్తం నాటికి చీకటి, భోజనాల వేళకు ఎండకు వాడిన రేకులు.

ఇక తాంబూలం. కానుకను మనిషికి కాక ఇంటికి లెక్కించారు. పైన చెప్పినవి 76 కుటుంబాలు. సంఖ్యను 80 చేసి, చిన్న స్టీలు డబ్బా, అరటిపండ్లు, తమలపాకులు, వక్క సంచిలో పెట్టి 115 వంతున 9,200. తొలి లెక్కలోని 28,750లో ఇది మూడోవంతుకన్న తక్కువ. ముత్తయిదువులకు జాకెట్టు గుడ్డ పెట్టడం సంప్రదాయం కనుక ఆ ఖర్చుకు వెనుకాడనక్కరలేదు. అయితే కుట్టించుకోదగిన గుడ్డ కొనకపోతే అది ఊరంతా తిరిగి ఏడాదిలోగా మన ఇంటికే వస్తుంది. వస్తువుమీద దంపతుల పేర్లు, తేదీ అచ్చువేయిస్తే మిగిలినవి మరొక శుభకార్యానికి వాడుకోవడానికి వీలుండదు. ఆ అచ్చు ఖర్చుతో డబ్బా ఒక పరిమాణం పెద్దది వస్తుంది.

ఈ నాలుగూ కూడితే సరిగ్గా 72,800. బ్యాంకు విడత జోలికి పోనక్కరలేకపోయింది.

చివరిగా చదివింపుల మాట. అవి వస్తాయి కదా, ఆ లోటు వాటితో పూడుతుందని వ్రాసుకొన్న పట్టీలు అనేకం. చదివింపు ఆదాయం కాదు. ఆ ఇంట శుభకార్యం జరిగినప్పుడు మనం తిరిగి చదివించవలసిన బాకీ. పైగా ఎంత వస్తుందో ఆ సాయంకాలం దాకా తెలియదు, వంటవారికి మిగతా సొమ్ము మధ్యాహ్నమే ఇవ్వాలి. ఈ కుటుంబం ఆ మొత్తాన్ని పట్టీలో చేర్చలేదు. ఎవరు ఏమి చదివించారో ఒక పుస్తకంలో పేర్లతో వ్రాసి, పూజగది అలమరలో భద్రపరచారు.