ఒకే సరుకు, రెండు లెక్కలు



కొనుగోలు, గోదాము, అమ్మకం, ఖాతాలు అన్నీ ఒకే డేటాబేసులో నడిచే వ్యవస్థను ఈఆర్‌పీ అంటారు. విడి సాఫ్ట్‌వేర్లు వాడే దుకాణంలో స్టాకు ఒకచోట, ఖాతాలు మరొకచోట ఉంటాయి. ఒకే సరుకును ఇద్దరు మనుషులు రెండుసార్లు ఎక్కించాలి. చిక్కంతా ఆ రెండో ఎక్కింపులోనే వస్తుంది.

బౌరంపేటలో ఇళ్లు కట్టేవాళ్లకు వైరు అమ్మే ఒక ఎలక్ట్రికల్ దుకాణాన్ని ఊహించుకుంటే సంగతి తేటపడుతుంది. డీలరు నుంచి 20 బండిళ్ల వైరు, ఒక్కోటి రూ.1,500 చొప్పున వచ్చింది. సరుకు విలువ రూ.30,000, 18 శాతం జీఎస్టీ రూ.5,400, మొత్తం బిల్లు రూ.35,400. గోదాములో పనిచేసేవాడు స్టాకులో 20 ఎక్కించాడు, వారానికోసారి వచ్చే అకౌంటెంటు ఖాతాలో బిల్లు ఎక్కించాడు. మధ్యలో రెండు బండిళ్లు పాడైనవని వెనక్కి వెళ్లాయి. స్టాకు 18కి తగ్గింది కానీ ఆ కబురు అకౌంటెంటుకు చేరలేదు. ఖాతాలో డీలరు బాకీ రూ.3,540 ఎక్కువగా నిలిచిపోయి, చెల్లింపు కూడా అంతకే జరిగిపోతుంది. ఏ సాఫ్ట్‌వేరుకా సాఫ్ట్‌వేరు సరిగ్గానే కనిపిస్తుంది గనుక ఏదీ హెచ్చరించదు. డీలరు స్టేట్‌మెంటును లెడ్జరుతో సరిపోల్చితేనే తేడా తెలుస్తుంది.

ఈఆర్‌పీలో కొనుగోలు ఆర్డరు, సరుకు రసీదు, బిల్లు, చెల్లింపు ఒకదాన్ని పట్టుకుని ఒకటి నడుస్తాయి. ముంబైలో పుట్టిన ఓపెన్ సోర్స్ వ్యవస్థ ERPNext లో సరుకు దిగగానే స్టాకు ఖాతాలోకి రూ.30,000 చేరుతుంది. అంతే మొత్తం Stock Received But Not Billed అనే ఖాతాలో నిలుస్తుంది. బిల్లు ఎక్కగానే అది సున్నా అవుతుంది. రెండు బండిళ్లు వెనక్కి పంపితే అదే ఖాతాలో రూ.3,000 తేలి, డెబిట్ నోటు వేసేదాకా కదలదు. మరిచిన పని ఇలా కంటపడుతుంది. ఈ ఒక్క గుణం కోసమే ఈఆర్‌పీ ఖర్చు పెట్టుకోవచ్చు.

అమ్మకంలోనూ అంతే. ఒక బండిల్ రూ.1,800కు, జీఎస్టీ కాకుండా, అమ్ముడుపోతే స్టాకు నుంచి రూ.1,500 తగ్గి, రూ.300 లాభం అప్పుడే కనిపిస్తుంది. ముగింపు స్టాకు విలువ కట్టేదాకా ఆగనక్కర్లేదు.

ఒకే కౌంటరు, ఒకే గది ఉన్న దుకాణానికి ఇంత అవసరం లేదు. టాలీలో స్టాకునూ ఖాతాలనూ కలిపి నడిపితే చాలు. రెండో గోదామో, ఇంకో శాఖో, అప్పు మీద సరుకు తీసుకెళ్లే కాంట్రాక్టర్లో పెరిగినప్పుడు ఈఆర్‌పీ అక్కరకొస్తుంది. అయితే అది అలమరలోని సరుకును లెక్కపెట్టదు. బిల్లు లేకుండా చీటీ మీద ఇచ్చిన బండిల్ దానికి తెలియదు. 90 మీటర్ల బండిల్ విప్పి మీటర్ల లెక్కన అమ్మే దుకాణం, ఒక బండిల్ అంటే 90 మీటర్లని ముందే నమోదు చేయకపోతే, మొదటి వారంలోనే స్టాకు తప్పుతుంది. అందుకే ఈఆర్‌పీకి మారే రోజున సరుకంతా చేత్తో లెక్కపెట్టి, ఆ అంకెతోనే ప్రారంభ స్టాకు ఎక్కించాలి.