పిల్లల ఇంటికి డబ్బు పంపేవాళ్లకు: నా అనుభవ పాఠాలు

మా అమ్మాయి డల్లాస్‌లో ఇల్లు కొన్నప్పుడు డౌన్‌పేమెంట్‌కి నేనూ మా ఆవిడా చెరి 60,000 డాలర్లు ఇచ్చాం. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

1. ఇచ్చేది కానుకా, అప్పా అన్నది ముందే తేల్చుకోండి. అక్కడ లోను ఇచ్చేవాళ్లు గిఫ్ట్ లెటర్ అడుగుతారు. ఇచ్చేవారి పేరు, చిరునామా, ఫోను, బంధుత్వం, ఇచ్చే మొత్తం, ఇది తిరిగి ఇవ్వనక్కర్లేదన్న మాట అందులో ఉండాలి. అప్పయితే దాని వాయిదా కూడా లెక్కలోకి వచ్చి, పిల్లలకు దొరికే లోను తగ్గుతుంది. ఇంట్లో అప్పని మాట్లాడుకుని కాగితం మీద కానుకని సంతకం పెట్టడం మోసం. ఆ పని చేయకండి.

2. బ్యాంకులో ఏ2 ఫారం నింపేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. పంపే కారణం దగ్గర ‘వ్యక్తిగత కానుక’ (S1302) ఉండాలి. ‘కుటుంబ పోషణ’ (S1301) అని పడితే గిఫ్ట్ లెటర్‌కీ దానికీ పొంతన కుదరదు.

ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరు పంపే డబ్బు 10 లక్షలు దాటితే, దాటిన దానిపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తుంది. 50 లక్షలు పంపాలంటే 40 లక్షల మీద 8 లక్షలు, అంటే ఖాతాలో 58 లక్షలు ఉండాలి. ఆ 8 లక్షలు ఎక్కడికీ పోవు. మన రిటర్నులో చూపిస్తే పన్నులో సర్దుబాటవుతాయి, మిగిలింది రీఫండ్ వస్తుంది. కాకపోతే అప్పటిదాకా చేతిలో ఉండవు. వీలుంటే కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో పంపండి. 10 లక్షల మినహాయింపు రెండుసార్లు దక్కుతుంది.

3. ఇక్కడ ఒకరి తల్లిదండ్రులకు మనం రూపాయలిచ్చి, వాళ్ల అబ్బాయి అక్కడ మన అమ్మాయికి డాలర్లిచ్చే పద్ధతి జోలికి పోవద్దు. అది ఫెమా చట్టానికి విరుద్ధం. పైగా లోను ఇచ్చేవాళ్లకు మన ఖాతా స్టేట్‌మెంట్, వైర్ రసీదు, పిల్లల ఖాతాలో జమ ఒకదానికొకటి కలవాలి. ఎవరో స్నేహితుడి పేరుతో పెద్ద మొత్తం పడితే ఆయనెవరని అడుగుతారు.

4. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. అమెరికాలో పన్నులకు రెసిడెంటు అయినవాళ్లకు, హెచ్1బీ మీద ఉన్నా సరే, విదేశాల్లో ఉన్నవాళ్ల నుంచి ఏడాదిలో 1,00,000 డాలర్లకు మించి కానుక అందితే ఐఆర్ఎస్‌కు ఫారం 3520 పంపాలి. దాని మీద పన్ను లేదు, సమాచారం ఇస్తే చాలు. అయితే తల్లి ఇచ్చిందీ తండ్రి ఇచ్చిందీ కలిపే చూస్తారు. మాది చెరి 60,000 అయినా మొత్తం 1,20,000 కాబట్టి ఫారం తప్పలేదు. పంపకపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా వేయొచ్చు. మా లెక్కలో అది 30,000 డాలర్లు.

ఈ ఫారం పన్ను రిటర్నులో భాగం కాదు, విడిగా పంపాలి. గడువు మరుసటి ఏడాది ఏప్రిల్ 15. డబ్బు పంపిన రోజే పిల్లలకు దీని సంగతి చెప్పి, తేదీలూ మొత్తాలూ రాసి పంపండి.