లోపలికే దారిచ్చే వాల్వు: ప్లంబింగ్ అనుభవ పాఠాలు

ఒహైయోలో ఇళ్ల ప్లంబింగ్ పనిలో నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. ఇక్కడి మనవాళ్ల ఇళ్లలో రెండు పనులు తరచూ జరుగుతుంటాయి. ఒకటి వంటగది మధ్యలో సింకుతో ఐలాండ్ కట్టించడం, రెండోది బేస్‌మెంట్‌లో బాత్‌రూమ్ వేయించడం. రెండు చోట్లా కాంట్రాక్టరు చేతిలో ఒకే వస్తువు కనిపిస్తుంది, పిడికిలంత ప్లాస్టిక్ మూత. దాని పేరు ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్. మొదటి చోట అది చాలా మంచి వస్తువు. రెండో చోట, నేలలోని మురుగు పిట్ మీద పెడితే, ఇల్లంతా కంపు పట్టిస్తుంది. ఆ తేడా తెలియాలనే ఇది రాస్తున్నాను.

1. ఇది చేసేది సగం పనే

నీళ్లు పైపులోంచి జారిపోతున్నప్పుడు వెనకాల గాలిని లాగుతాయి. ఆ గాలి అందకపోతే సింకు కింద వంపులో, అంటే ట్రాప్‌లో, నిలిచి ఉండాల్సిన నీళ్లనే లాక్కుపోతాయి. ఆ నీళ్లు రెండు నుంచి నాలుగు అంగుళాల లోతుంటాయి. మురుగు గాలికీ మనకూ మధ్య ఉన్న అడ్డు అదొక్కటే. అందుకే వెంట్ పైపు కప్పు దాటి ఆకాశంలోకి వెళ్తుంది. లోపల గాలి తగ్గితే లోపలికి రానిస్తుంది, ఎక్కువైతే బయటికి పోనిస్తుంది.

ఈ వాల్వులో రబ్బరు పొర ఉన్న చిన్న బిళ్ల తన బరువుతో తానే కూర్చుని ఉంటుంది. పైపులో లాగుడు మొదలవగానే లేస్తుంది, గది గాలి లోపలికి వెళ్తుంది. లాగుడు ఆగగానే పడి మూసుకుంటుంది. లోపలి గాలి బయటికి తోస్తే ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. అలా బిగుసుకోబట్టే దాన్ని ఇంట్లో పెట్టగలుగుతున్నాం. కానీ బయటికి పోవాల్సిన గాలికి అది దారివ్వదు. కింద చెప్పే మంచీ చెడూ అన్నీ ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

2. ఐలాండ్ సింక్ దీనికి సొంత ఇల్లు

గోడ పక్కన సింకుంటే వెంట్ పైపు గోడలోంచి పైకెళ్తుంది. ఐలాండ్‌కు గోడే లేదు. పాత పద్ధతిలో పైపును కౌంటర్ కిందిదాకా లేపి, మళ్లీ నేల కిందికి దించి, జాయిస్టులకు చిల్లులు పెట్టుకుంటూ దగ్గర్లోని గోడదాకా తీసుకెళ్లాలి. ఆ పని బాగా చేసేవాళ్లు తక్కువ. వాల్వుతో అదే పని క్యాబినెట్‌లోనే ముగుస్తుంది.

ఒకరింట్లో చేసింది చెబుతాను. కౌంటర్ ఎత్తు 36 అంగుళాలు. ట్రాప్ నుంచి వచ్చే అడ్డపైపు నేలకు 16 అంగుళాల ఎత్తులో ఉంది, ఒకటిన్నర అంగుళాల పైపు. అది ఒక అడుగు వెళ్లి టీలో కలుస్తుంది. టీ కింది కొమ్మ నేలలోకి దిగుతుంది, పై కొమ్మ మీద వాల్వు. మా కోడ్ ప్రకారం వాల్వు ఆ అడ్డపైపుకు కనీసం నాలుగు అంగుళాల పైన ఉండాలి. అంటే 20 అంగుళాల దగ్గర పెట్టినా ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటాడు. నేను 29 దగ్గర, తొట్టి వెనకాల కౌంటర్‌కు వీలైనంత దగ్గరగా పెట్టాను.

అంత పైకి ఎందుకంటే, మన వంటల నూనె, పప్పు తేట, పోపు గింజలు పైపును తొందరగా పూడుస్తాయి. పూడుకుని తొట్టిలో నీళ్లు నిలిచినప్పుడు, వాల్వు గట్టిగా మూసుకుని ఉంటే దాని కింద గాలి చిక్కుకుని నీళ్లను పైకి రానివ్వదు. కానీ ప్లంజర్‌తో కొట్టామంటే ఆ జిడ్డు నీళ్లు ఎగిరి రబ్బరు మీద పడతాయి. వాల్వు ఎంత పైనుంటే అంత మేలు. పూడిక తీసిన ప్రతిసారీ వాల్వు మర విప్పి రబ్బరు చూడండి.

ఇంకో మాట. ఈ వాల్వు పీల్చుకునేది క్యాబినెట్‌లోని గాలినే. సింకు కింద ప్లాస్టిక్ సంచులు కుక్కి దాచుకోవడం మన ఇళ్లలో అలవాటు. వాల్వు చుట్టూ మాత్రం అవి ఉండకూడదు. వాల్వు నిటారుగా కూడా ఉండాలి, ఒరిగితే బిళ్ల సరిగా కూర్చోదు.

3. గుడగుడ వేరు, కంపు వేరు

వాల్వు చెడిపోవడం రెండు రకాలు. తెరుచుకోకుండా అంటుకుపోతే నీళ్లు చివరికి వచ్చేసరికి సింకు గుడగుడమంటుంది. మూసుకోకుండా ఉండిపోతే చప్పుడేమీ ఉండదు, క్యాబినెట్ తలుపు తీయగానే మురుగు వాసన కొడుతుంది. పొద్దున్నే, రాత్రంతా సింకు వాడకుండా ఉన్న తర్వాత, అది బాగా తెలుస్తుంది.

పరీక్ష సులువే. తొట్టి నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదలండి. సన్నగా చింపిన టిష్యూ కాగితాన్ని వాల్వు గాలి రంధ్రాల పక్కన పట్టుకోండి. నీళ్లు దిగుతున్నంతసేపూ కాగితం లోపలికి వాలాలి. వాలకుండా సింకు గుడగుడమంటే వాల్వు మర విప్పి మళ్లీ వదిలి చూడండి. గుడగుడ పోతే తప్పు వాల్వుది, పోకపోతే పైపులో పూడిక. కంపు సంగతి తేలాలంటే వాల్వు తీసి అక్కడ మరలున్న మూత బిగించి, ఒక రాత్రి సింకు వాడకుండా ఉంచండి. వాసన ఆగితే కొత్త వాల్వు కొనండి. ఆగకపోతే కారణం వేరే చోట ఉంది. చాలాసార్లు డిస్పోజల్ దగ్గరి జాయింటే కారుతుంటుంది.

4. స్ప్రింగుది కొనకండి

దుకాణంలో పక్కనే, ఇంకా చవకగా, స్ప్రింగుతో మూసుకునేది దొరుకుతుంది. మొబైల్ హోముల్లో వాడేది. చూడటానికి ఇలాగే ఉంటుంది. స్ప్రింగు మెత్తబడితే మూత వదులవుతుంది, తుప్పు పడితే తెరుచుకోదు. ఒక్క సింకుకు పెట్టే వాల్వు ఒంటి మీద ఏఎస్‌ఎస్‌ఈ 1051 అని ఉండాలి. నిలువు స్టాక్ చివర పెట్టేదానికి 1050.

5. బేస్‌మెంట్ పిట్‌కు ఇది పనికిరాదు

ఊరి మురుగు కాలువ బేస్‌మెంట్ నేలకంటే ఎత్తులో ఉంటే, కింది బాత్‌రూమ్ మురుగంతా నేలలోని ఎజెక్టర్ పిట్‌లో పడుతుంది. అక్కడి నుంచి పంపు పైకి తోస్తుంది. పిట్ మూత గాలి చొరబడకుండా బిగించి ఉంటుంది. దాని వెంట్ పైపు కప్పుదాకా వెళ్లాలి. రెండంతస్తుల గోడలు కోయాల్సి వస్తుందని కొందరు కాంట్రాక్టర్లు పిట్ మీదే ఒక వాల్వు తిప్పేసి వెళ్లిపోతారు.

అలాంటి ఇంటివాళ్లు నన్ను పిలిచారు. "అంకుల్, కింద ఫ్లష్ చేసినప్పుడల్లా షవర్ జాలీలోంచి బుడగలొస్తున్నాయి, కంపు భరించలేకపోతున్నాం. కాంట్రాక్టరు వచ్చి చూసి వాల్వు బాగానే పని చేస్తోందన్నాడు" అంది ఆ అమ్మాయి.

అతను అబద్ధం చెప్పలేదు. పంపు నడిపి చూశాడు. పంపు నడిచినప్పుడు పిట్‌లో నీళ్లు తగ్గుతాయి, గాలి లోపలికి రావాలి, వాల్వు చక్కగా తెరుచుకుంటుంది. చూడాల్సింది పిట్ నిండేటప్పుడు. ఒక్క ఫ్లష్‌కు ఆరు లీటర్ల నీళ్లు పిట్‌లో పడితే ఆరు లీటర్ల గాలి బయటికి పోవాలి. వాల్వు దారివ్వదు. ఆ గాలి, నీళ్లు వచ్చిన పైపులోనే వెనక్కి తిరిగి, అన్నిటికంటే కింద ఉన్న షవర్ ట్రాప్ నీళ్లను తోసుకుని గదిలోకి వచ్చింది. ఆ అమ్మాయిని ఫ్లష్ చేయమని నేను జాలీ దగ్గర కూర్చున్నాను. మూడు నాలుగు పెద్ద బుడగలు పైకొచ్చి పగిలాయి. పంపు అప్పటికి మొదలవనేలేదు.

వాల్వు తీసేసి, పిట్ నుంచి రెండంగుళాల పైపును లాండ్రీ గది మూలలోంచి అటకదాకా తీసుకెళ్లి, ఇంటి పాత వెంట్‌లో కలిపాం. పైపు ఖర్చు తక్కువే, గోడ కోసి పూడ్చి రంగేయడానికే ఎక్కువైంది. బాత్‌రూమ్ కట్టేటప్పుడే వేసుంటే ఆ ఖర్చుండేది కాదు.

ఇక్కడొక వివరం మరిచిపోకండి. పిట్‌కు కప్పుదాకా వెళ్లే సొంత వెంట్ ఉంటే, అదే బేస్‌మెంట్‌లో వాష్‌బేసిన్‌కు వాల్వు పెట్టుకోవచ్చు, కోడ్ ఒప్పుకుంటుంది. వద్దన్నది పిట్‌కే.

6. కప్పు మీద చివరి పైపు జోలికి పోకండి

ఇప్పుడు సోలార్ పలకలు వేయించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. వెంట్ పైపులు అడ్డొస్తున్నాయి, అన్నీ కోసేసి అటకలో వాల్వులు పెట్టమని అడుగుతారు. ఒకటో రెండో అలా మార్చవచ్చు. వాల్వు అటకలోని ఇన్సులేషన్ కంటే ఆరంగుళాల పైన ఉండాలి, చేతికి అందాలి. కానీ ఇంటి మొత్తానికి ఆకాశానికి తెరిచిన వెంట్ కనీసం ఒకటైనా ఉండి తీరాలి. పై బాత్‌రూమ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు దిగి అడుగున అడ్డం తిరిగే చోట, ముందున్న గాలిని తోస్తాయి. వీధి మురుగు కాలువ నుంచి కూడా అప్పుడప్పుడూ గాలి వెనక్కి తంతుంది. అది పోయే దారి ఆ ఒక్క పైపే.

7. గోడలో పూడ్చకండి, ఏసీ గాలి దారిలో పెట్టకండి

ఎప్పుడో ఒకప్పుడు ఈ వాల్వు మార్చాల్సిందే. జిప్సం బోర్డు వెనక దాన్ని పూడ్చేస్తే దానికి గాలీ అందదు, మీకు చెయ్యీ అందదు. జాలీ ఉన్న పెట్టె పెట్టి అందులో బిగించాలి. ఫర్నేస్ రిటర్న్ గాలి వెళ్లే చోట అసలే వద్దు. అక్కడ రబ్బరు కొంచెం కారినా ఆ వాసన డక్టుల వెంట అన్ని పడగ్గదులకూ చేరుతుంది.

8. మీ ఊరి కోడ్ అడిగాకే కొనండి

ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్ నడిచే చోట పై నియమాలతో దీన్ని ఒప్పుకుంటారు. యూనిఫాం ప్లంబింగ్ కోడ్ నడిచే ఊళ్లలో మామూలుగా ఒప్పుకోరు, అధికారి విడిగా అనుమతివ్వాలి. ఐలాండ్ గ్రానైట్ వేశాక ఆ సంగతి తెలిస్తే లాభం లేదు. పర్మిట్ కాగితం మీద వాల్వు ఎక్కడ పెడుతున్నారో ముందే రాయించండి.

9. ఊళ్లో సెప్టిక్ ట్యాంకుకు అడిగేవాళ్లకు

ఇక్కడ దీన్ని చూసినవాళ్లు, ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో సెప్టిక్ ట్యాంకు పైపు వాసనేస్తోంది, దాని మీద ఒకటి బిగిస్తే పోతుందా అని అడుగుతుంటారు. బిగించకండి. ట్యాంకులో రాత్రీ పగలూ గ్యాస్ పుడుతూనే ఉంటుంది, మీథేన్ కూడా అందులో ఉంటుంది. ఆ పైపు ఉన్నదే దాన్ని బయటికి పంపడానికి. వాల్వు పెడితే గ్యాస్ ట్యాంకులోనే చిక్కి, మూత సందుల్లోంచీ బాత్‌రూమ్ ట్రాపుల్లోంచీ ఇంట్లోకి దారి వెతుక్కుంటుంది. వాసన వస్తోందంటే పైపు పొట్టిగా ఉందని. ట్యాంకు ఇంటిని ఆనుకుని ఉంటే పైపును డాబా పైన ఇంకో రెండు మీటర్లు లేపించండి. కనీసం 50 మిల్లీమీటర్ల పైపు, చివర దోమలు దూరని జాలీ ఉండాలి. ఆ జాలీకి సాలెగూడు పట్టి మూసుకుపోతుంటుంది, ట్యాంకు తోడించినప్పుడల్లా మేస్త్రీని పైకెక్కించి దాన్ని కూడా శుభ్రం చేయించమని నాన్నగారికి చెప్పండి.